మార్చిలో చివరి పని రోజు ఏది?

2025 మార్చి నెలాఖరును ఒకసారి గుర్తు తెచ్చుకోండి. 30వ తేదీ ఆదివారం ఉగాది. 31 సోమవారం రంజాన్. 29 శనివారం. ఆ నెల చివరి పని రోజు ఏదని ముగ్గురిని అడిగితే మూడు జవాబులు వచ్చేవి. వారానికి ఐదు రోజులే తెరిచే సాఫ్ట్‌వేర్ ఆఫీసులో 28 అనేవారు. బ్యాంకు గుమాస్తా 29 అనేవాడు. అది ఐదో శనివారం, 2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలే సెలవు కదా. పన్నుల చలాన్లు, పింఛన్ల వంటి ప్రభుత్వ లావాదేవీలు చూసే శాఖలో మాత్రం 31 అనేవారు. ఆ ఏడాది ప్రభుత్వ లెక్కలన్నీ ఆ ఏడాదిలోనే పడాలి కాబట్టి, పండగైనా ఆ శాఖలు తెరిచే ఉంచమని రిజర్వు బ్యాంకు ముందే చెప్పింది. అంతకు ముందు ఏడాది మార్చి 31 ఆదివారం వస్తే అప్పుడూ అలాగే తెరిపించింది.

ముగ్గురు చెప్పిందీ నిజమే. మనుషులకు ఇది ఇబ్బంది కాదు, ఫోన్ చేసి అడిగేస్తారు. ఆ సాయంత్రం దానంతటదే నడవాల్సిన కంప్యూటర్ పనికే అసలు చిక్కు.

హైదరాబాద్‌లో కార్యాలయం, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో దుకాణాలు ఉన్న ఒక బట్టల వ్యాపార సంస్థ ఉందనుకుందాం. రోజూ సాయంత్రం ఆరున్నరకు దుకాణాల బిల్లులన్నీ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లోకి చేరాలి. నెలకొకసారి సరుకు నిల్వలు, రావాల్సిన బాకీలు, బ్యాంకు నిల్వ అన్నీ కలిపి ప్రధాన ఖాతాలోకి ఎక్కాలి. ఈ రెండోదాన్ని అక్కడివాళ్లు నెలాఖరు సింక్ అంటారు. రోజువారీ పనిని సెలవుల్లో నడపొద్దని, నెలాఖరు పనిని చివరి పని రోజున నడపమని అకౌంట్స్ మేనేజర్ అడిగాడు. ఎందుకంటే లెక్కలో ఎక్కడో ఒక బిల్లు తేడా వస్తే సరిచేసే మనిషి ఆ వేళకు సీట్లో ఉండాలి.

వినడానికి రెండూ ఒకే కోరికలా ఉన్నాయి. నిజానికి ఒకదానికొకటి పూర్తిగా వేరు, ఈ వ్యవహారంలో జరిగే పొరపాట్లలో సగం ఇక్కడే పుడతాయి. రోజువారీ పని సెలవు రోజు వస్తే దాన్ని దాటేస్తే చాలు, మర్నాడు ఎలాగూ మళ్లీ ఉంది. నెలాఖరు పని సెలవు రోజున పడితే దాటేయకూడదు, వెనక్కి జరపాలి. దాటేస్తే ఆ నెల మొత్తానికి ఆ పని జరగనట్టే.

పని వేళలు చూసే పాత సాధనం క్రాన్. యూనిక్స్ కాలం నుంచి వస్తోంది, ఇప్పటికీ చాలా సర్వర్లలో ఇదే. ఒక వరుసలో నిమిషం, గంట, తేదీ, నెల, వారం అని ఐదు గడులు రాస్తే ఆ ప్రకారం పని లేపుతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం ఆరున్నరకు అని చెప్పాలంటే ఇంతే:

```
30 18 * * 1-5
```

శని, ఆదివారాల సంగతి తీరిపోయింది. కొత్తగా చేరిన కుర్రాడు ఇదే ఊపులో నెలాఖరుకు ఇలా రాస్తాడు:

```
30 18 28-31 * 1-5
```

28 నుంచి 31 లోపు, అదీ సోమ, శుక్రవారాల మధ్య అయితేనే నడుస్తుందని అతని లెక్క. క్రాన్ లెక్క వేరు. తేదీ గడిలోనూ వారం గడిలోనూ నక్షత్రం గుర్తు కాకుండా ఏదైనా రాస్తే, ఆ రెంటిలో ఏ ఒక్కటి కుదిరినా అది పని లేపేస్తుంది. 2025 మార్చిలో ఈ వరుస 23 సార్లు నడిచేది. నెలలో ఉన్న 21 వారపు రోజులూ, వాటికి తోడు 29 శనివారం, 30 ఆదివారం. పోనీ రెండు షరతులూ కలిసే వచ్చాయనుకున్నా, 28 మీదా 31 మీదా రెండుసార్లు నడుస్తుందే గానీ చివరి రోజు ఏదో దానికి తెలియదు.

జావాతో పనిచేసేవాళ్లు క్వార్ట్జ్ అనే సాధనం వాడతారు. దానికి తేదీ గడిలో `LW` అని రాస్తే నెలలో చివరి వారపు రోజు అని అర్థం. ఇది మెరుగే. అయితే వారపు రోజు వేరు, పని రోజు వేరు. 2025 మార్చికి `LW` ఇచ్చే జవాబు 31 సోమవారం, అంటే రంజాన్. ఆఫీసుకు తాళం వేసి ఉంటుంది.

క్వార్ట్జ్‌కు సెలవుల క్యాలెండర్ తగిలించే వీలుంది కదా అని తెలిసినవాళ్లు అంటారు. ఉంది. 31ని సెలవుగా అందులో పెట్టండి, ఏమవుతుందో చూడండి. ఆ రోజు నడవాల్సినదాన్ని అది కొట్టేస్తుంది, తర్వాత ఎప్పుడు నడవాలో చూసుకుంటుంది. ఆ తర్వాతి చివరి వారపు రోజు ఏప్రిల్ 30. మార్చి నెలాఖరు సింక్ ఆలస్యం కాలేదు, తప్పుగానూ నడవలేదు, అసలు జరగనే లేదు. ఎర్ర అక్షరాల్లో ఎక్కడా ఏమీ కనిపించదు, ఎందుకంటే సాధనం తనకు చెప్పిన పని తాను చేసింది. దాటేయడానికీ వెనక్కి జరపడానికీ తేడా అన్నది ఇదే.

అందుకే ఈ పనిలో నలిగినవాళ్లు షెడ్యూల్ గడుల్లో తెలివి చూపించే ప్రయత్నం మానేస్తారు. పనిని ఆదివారం, పండగ అని చూడకుండా రోజూ లేపమంటారు. లేచాక ఈ రోజు చేయాలా వద్దా అన్నది ప్రోగ్రామే తేల్చుకోవాలి. దానికి కావాల్సినవి రెండే, ఒక సెలవుల జాబితా, నెల చివరి నుంచి వెనక్కి నడిచే నాలుగు వరుసలు.

జాబితా సంగతి ముందు చూద్దాం. సెలవు తేదీలు వరుసగా రాసుకుంటే సరిపోతుందని అనిపిస్తుంది, సరిపోదు. ఆ తేదీ ఎవరికి సెలవో కూడా రాయాలి, సెలవు కావాల్సిన రోజున తెరిచి ఉంటే అదీ రాయాలి. మన మార్చి నెలాఖరు ఇలా వస్తుంది:

```
2025-03-30  office  off
2025-03-31  office  off
2025-03-31  bank    off
2025-03-31  agency  open
2025-04-01  bank    off
```

చివరి వరుస బ్యాంకుల వార్షిక ఖాతాల ముగింపు రోజు. నాలుగో వరుస లాంటిది చాలా జాబితాల్లో ఉండదు. సెలవుల పట్టిక ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునేవాళ్లకు సెలవులే దొరుకుతాయి, సెలవు రోజున తెరిచి ఉంచిన సంగతి విడిగా వచ్చే ఉత్తర్వులో ఉంటుంది. రాష్ట్రాల తేడా కూడా ఉంది. జూన్ 2 తెలంగాణ అవతరణ దినం, విజయవాడ ఆఫీసుకు దానితో పని లేదు. బ్యాంకు సెలవులు కూడా దేశమంతా ఒకటి కావు, రాష్ట్రాన్ని బట్టి మారతాయి. రెండు రాష్ట్రాల్లో దుకాణాలున్న మన సంస్థ ఎవరి క్యాలెండర్ పాటించాలి? నెలాఖరు సింక్‌లో తేడా వస్తే సరిచేసే మనుషులు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి హైదరాబాద్ ఆఫీసుది. దుకాణం ఏ ఊళ్లో ఉందన్నది ఇక్కడ ప్రశ్న కాదు.

ఇక వెనక్కి నడవడం:

```python
def last_working(year, month, cal):
    d = first_of_next(year, month) - timedelta(days=1)
    while not working(d, cal):
        d -= timedelta(days=1)
    return d
```

వచ్చే నెల ఒకటో తేదీ నుంచి ఒక రోజు తీసేస్తే ఈ నెల చివరి తేదీ వస్తుంది. 28, 29, 30, 31 అనే గొడవా లీపు సంవత్సరం గొడవా ఇక్కడితో పోతాయి. అక్కడ నుంచి పని రోజు తగిలేదాకా ఒక్కో అడుగు వెనక్కి. ఐదు రోజుల ఆఫీసు క్యాలెండర్‌తో నడిపితే 31 రంజాన్, 30 ఆదివారం, 29 శనివారం, 28 దగ్గర ఆగుతుంది. బ్యాంకు క్యాలెండర్‌తో అయితే 29 దగ్గరే ఆగుతుంది. రెండో, నాలుగో శనివారాలను గుర్తుపట్టడానికి నెల మొదటి నుంచి శనివారాలు లెక్కపెట్టుకుంటూ రానక్కర్లేదు. 8 నుంచి 14 లోపు వచ్చే శనివారం ఎప్పుడూ రెండోదే, 22 నుంచి 28 లోపు వచ్చేది ఎప్పుడూ నాలుగోదే.

ఇప్పుడు ప్రోగ్రాం ప్రతి సాయంత్రం లేచి, ఈ రోజు తేదీ ఆ చివరి పని రోజుకు సమానమా అని చూస్తే సరి అనుకుంటాం. సమానమా అని చూడటమే ఇందులో రెండో గుంట.

సెలవులన్నీ జనవరిలో చెప్పినట్టే జరగవు. రంజాన్, బక్రీద్ నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతాయి. కొన్ని సెలవులు రాత్రికి రాత్రే వస్తాయి. మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ 2024 డిసెంబరు 26 రాత్రి కన్నుమూశారు. మర్నాడు శుక్రవారం తెలంగాణ ప్రభుత్వం కార్యాలయాలకు, విద్యాసంస్థలకు సెలవు ప్రకటించింది. అలాంటి ప్రకటన నెల చివరి పని రోజునే వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఉదయం ఎవరో బాధ్యతగా జాబితాలో ఆ రోజును సెలవుగా మార్చారు. సాయంత్రం ప్రోగ్రాం లేచి వెనక్కి లెక్కేస్తే చివరి పని రోజు నిన్న అని తేలింది. నిన్న సాయంత్రం లేచినప్పుడేమో చివరి పని రోజు రేపు అని తేలింది. రెండు సాయంత్రాలూ లెక్క సరిగ్గానే వేసింది, సింక్ మాత్రం జరగలేదు.

దీనికి మందు చిన్నదే. ఏ నెల దాకా పూర్తయిందో ప్రోగ్రాం ఒక చోట రాసి పెట్టుకోవాలి. రోజూ లేవగానే పూర్తికాని నెలల్లో అన్నిటికన్నా పాతదాన్ని తీసుకుని, దాని చివరి పని రోజు వచ్చిందా లేక దాటిపోయిందా అని చూడాలి:

```python
month = month_after(last_done)
if today >= last_working(*month, cal):
    run(month)
```

సమానం గుర్తు బదులు సమానం లేదా ఎక్కువ. ఇంతే తేడా. సెలవు అకస్మాత్తుగా వచ్చినా, ఆ సాయంత్రం సర్వర్ పడిపోయినా, కరెంటు పోయినా మర్నాడు లేచినప్పుడు బాకీ ఉన్న నెల దానికదే కనిపిస్తుంది. నెల మారిపోయినా మర్చిపోదు. ఇంకో లాభం, అదే రోజు ఎవరైనా చేత్తో రెండోసారి నడిపితే, మార్చి పూర్తయిందని రాసి ఉంది కాబట్టి ఖాతాలో రెండుసార్లు ఎక్కదు.

ఆలస్యంగా నడిచినప్పుడు మరో ప్రమాదం ఉంది. ఏ నెల లెక్క తీయాలో నడిచిన తేదీని బట్టి నిర్ణయిస్తే, ఏప్రిల్ 1న నడిచిన మార్చి సింక్ ఏప్రిల్ బిల్లులు ఎత్తుకుపోతుంది. అందుకే పైన `run` కు నెల పేరు ఇచ్చి పంపుతున్నాం. నడిచే రోజు వేరు, లెక్క తీసే నెల వేరు.

రోజువారీ పనిలోనూ ఇదే జబ్బు ఇంకో రూపంలో కనిపిస్తుంది. మొదట రోజూ నడిచేటప్పుడు, నిన్నటి బిల్లులు తీసుకో అని రాసి ఉంటారు. తర్వాత ఎవరో శని, ఆదివారాలు దాటేయమని షెడ్యూల్ మార్చారు. సోమవారం సాయంత్రం అది ఆదివారం బిల్లులు మాత్రమే తీసుకుంటుంది. శుక్రవారం, శనివారం అమ్మకాలు గాల్లో కలిసిపోయాయి. దీన్ని పట్టుకోవడం తేలిక, వారంలో రెండు రోజుల అమ్మకాలు ఎప్పుడు చూసినా సున్నా ఉంటాయి. అయినా నెలల తరబడి ఎవరూ చూడని సందర్భాలుంటాయి, ఎందుకంటే పని విఫలమైనట్టు ఎక్కడా నమోదు కాదు. నిన్న అని కాకుండా, క్రితం సారి ఎక్కడ ఆగామో అక్కడ నుంచి అని రాస్తే సెలవులు ఎన్ని వచ్చినా బిల్లు జారదు.

మన బట్టల సంస్థ మార్చి కథలో ఒక ఇబ్బంది మిగిలే ఉంది. సింక్ 28 సాయంత్రం నడిచింది. ఉగాది, రంజాన్ కొనుగోళ్ల జోరంతా 29, 30, 31 తేదీల్లో. దుకాణాలకు ఆఫీసు సెలవులతో సంబంధం లేదు. అకౌంట్స్ మేనేజర్ చూసి, "ఏం బాబూ, పండగ అమ్మకాలేవీ?" అంటాడు. "చివరి పని రోజున నడపమన్నారు కదండీ," అంటాడు కుర్రాడు. ఇద్దరి మాటా న్యాయమే. ఆ మూడు రోజుల బిల్లులు మార్చి తేదీతో ఉన్నవి, మార్చి ఖాతాలోనే పడాలి. కాబట్టి 28న నడిచేది తొలి విడత, ఏప్రిల్ మొదటి పని రోజున మార్చి తేదీ బిల్లులు మిగిలినవి తెచ్చే తోక విడత ఒకటి ఉండాలి. మార్చి నెల పూర్తయిందని రాయాల్సింది తోక కూడా చేరాకే. తొలి విడత జరిగిందన్న గుర్తును దానికి విడిగా పెట్టుకోవాలి.

అలాంటప్పుడు అంతా వచ్చే నెల మొదటి పని రోజునే నడపొచ్చు కదా అని మీకు అనిపిస్తే, చాలా సంస్థల విషయంలో అదే సరైన నిర్ణయమని నా అభిప్రాయం. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేవారికి అమ్మకాల వివరాలు పంపడానికి మరుసటి నెల 11 దాకా గడువుంది, కంగారేమీ లేదు. చివరి పని రోజు అన్న పట్టుదలకు అర్థం ఉండేది, నెల దాటకముందే ఆ లెక్క చూసి ఎవరో ఏదో చేయాల్సి ఉన్నప్పుడు. జీతాల చెల్లింపు అలాంటిది. సరఫరాదారుకు ఈ నెలలోనే డబ్బు పంపడం అలాంటిది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు నెల చివరి పని రోజున జీతం పడుతుంది, మార్చి జీతం మాత్రం ఏప్రిల్ మొదటి పని రోజున. ఇలాంటి ఒక్క నెల మినహాయింపును కూడా ఎవరో ఒకరు ప్రోగ్రాంలో రాసి తీరాలి.

ఈ పని క్లౌడ్ సర్వర్ మీద నడుస్తుంటే గడియారం మన దేశానిది కాకపోవచ్చు. చాలా సర్వర్లు యూటీసీ సమయం పాటిస్తాయి, మనం దానికన్నా ఐదున్నర గంటలు ముందున్నాం. సాయంత్రం ఆరున్నర పని అయితే రెండు చోట్లా తేదీ ఒకటే కాబట్టి తేడా కనిపించదు. రద్దీ తగ్గాక నడుపుదామని అదే పనిని తెల్లవారుజామున రెండింటికి మార్చండి. మనకు సోమవారం రెండు గంటలైతే సర్వర్‌కు ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. ఆదివారం అని దాటేస్తుంది. శనివారం తెల్లవారుజామున దానికి ఇంకా శుక్రవారమే కాబట్టి నడిచేస్తుంది. సోమవారం పనులు తప్పిపోయి శనివారం నడుస్తున్నాయంటే ముందు గడియారాన్నే అనుమానించాలి. ఈ రోజు తేదీ ఏదని అడిగేటప్పుడు ఊరి పేరు చెప్పి అడగాలి:

```python
today = datetime.now(ZoneInfo("Asia/Kolkata")).date()
```

అమెరికా ఖాతాదారుల పని చేసే మనవాళ్లకు ఇంకో తిరకాసు. 2022 జనవరి 1 శనివారం వచ్చింది. శనివారం వచ్చిన సెలవును అక్కడి ఫెడరల్ ఉద్యోగులు ముందు రోజు శుక్రవారం పాటిస్తారు, అంటే వాళ్లకు 2021 డిసెంబరు 31 సెలవు. ఫెడరల్ రిజర్వు బ్యాంకులకు ఆ పద్ధతి లేదు, సెలవు శనివారం వస్తే శుక్రవారం మామూలుగా తెరుస్తారు. న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కూడా ఆ రోజు నడిచింది. ఒకే దేశం, ఒకే సంవత్సరాంతం, రెండు చివరి పని రోజులు. ఖాతాదారు సెలవుల పట్టిక పంపినప్పుడు అది ఎవరి పట్టిక అని అడిగి తీరాలి.

పైవన్నీ సరిచేసుకున్నాక కూడా ఎక్కువ మందిని దెబ్బతీసేది జనవరి నెల. నిరుటి జాబితా నిరుటితో అయిపోయింది, కొత్త ఏడాదిది ఎవరూ ఎక్కించలేదు. ప్రోగ్రాంకు సెలవుల్లేని జాబితా కనిపిస్తే సెలవులే లేవనుకుంటుంది, సంక్రాంతికి కూడా హాయిగా నడుస్తుంది. ఈ ఏడాదికి జాబితాలో ఒక్క వరుస కూడా లేకపోతే పని ఆపేసి గట్టిగా ఫిర్యాదు చేయమని రాయాలి. నెలాఖరు సింక్‌కైతే డిసెంబరులోనే వచ్చే ఏడాది జాబితా ఉందో లేదో చూడమనాలి, ఎందుకంటే తోక విడత జనవరిలో పడుతుంది.

ఫిర్యాదు చేయనప్పుడు కూడా ప్రోగ్రాం నోరు మూసుకోకూడదు. రోజూ లేచినందుకు ఒక వరుస రాయాలి:

```
2025-03-28  month-end 2025-03: part 1 done
2025-03-29  skipped: Saturday
2025-03-30  skipped: Sunday
2025-03-31  skipped: holiday list
2025-04-01  month-end 2025-03: tail done
```

దాటేసిన రోజుకు కారణం రాసి ఉంటుంది. ఏ వరుసా లేని రోజు కనిపిస్తే అది సెలవు కాదు, ఆ రోజు పని లేవనే లేదు. ఈ రెంటినీ విడదీసి చూపించే మార్గం ఇంకొకటి నాకు తెలిసి లేదు.

పరీక్షించడానికి నెలాఖరు దాకా ఎదురుచూడక్కర్లేదు. `last_working` కు గడిచిన రెండేళ్ల నెలలన్నీ ఇచ్చి తేదీల పట్టిక తీసి, ఆ నెలల్లో అకౌంట్స్ విభాగం నిజంగా ఖాతా మూసిన తేదీలతో పక్కపక్కన పెట్టండి. 2025 మార్చికి 28 వస్తోందా, ఆగస్టుకు ఏమొస్తోంది? ఆ నెల 31 ఆదివారం, 30 మళ్లీ ఐదో శనివారం. ఆఫీసు క్యాలెండర్ అయితే 29, బ్యాంకు క్యాలెండర్ అయితే 30 రావాలి. ఒకటే తేదీ వచ్చిందంటే రెండు క్యాలెండర్లు ఎక్కడో కలిసిపోయాయి. తర్వాత వచ్చే ఏడాది 12 తేదీలను ఒక కాగితం మీద అచ్చువేసి జనవరి మొదటి వారంలో అకౌంట్స్ మేనేజర్ బల్ల మీద పెట్టండి. ప్రోగ్రాం చదవడం ఆయనకు రాకపోవచ్చు గానీ, ఏ తేదీన ఆఫీసుకు ఎవరూ రారో కాగితం చూడగానే వేలు పెట్టి చూపిస్తాడు.